చాట్ యాప్‌కి సొంత రంగులు వేస్తున్నారా? ముందు ఇది చూడండి

తెలిసినావిడ ఒకరు ఈమధ్య తన చాట్ యాప్‌కి మెరూన్ రంగు థీమ్ వేసుకున్నారు. చూడ్డానికి బాగానే ఉంది. కానీ "మెసేజ్ వెళ్లలేదు" అని యాప్ చూపించే ఎర్ర అక్షరాలు ఆ మెరూన్‌లో కలిసిపోయాయి. పంపిన ముఖ్యమైన మెసేజ్ చేరలేదని ఆవిడకి మర్నాటిదాకా తెలియలేదు.

చాలామంది కొంప ముంచేది ఇదే: సీఎస్ఎస్‌లో బ్యాక్‌గ్రౌండ్ వేరియబుల్ మార్చి, దాని మీద కూర్చునే అక్షరాల వేరియబుల్‌ని వదిలేయడం. డార్క్ థీమ్‌లో అక్షరాల రంగు `#dcddde` అనుకుందాం. బ్యాక్‌గ్రౌండ్‌ని మాత్రమే లేత మీగడ రంగు `#fdf6e3` చేస్తే కాంట్రాస్ట్ నిష్పత్తి 1.3కి కూడా చేరదు. మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5 కావాలి. రెండూ కలిపి మార్చండి:

```css
.theme-dark {
  --bg-main: #fdf6e3;
  --text-main: #2b2b2b;
}
```

ఇప్పుడు కాంట్రాస్ట్ 13 దాటుతుంది. ఈ పేర్లు ఉదాహరణకి రాసినవే. మీ యాప్‌లో అసలు పేర్లేమిటో ఇన్‌స్పెక్టర్‌లో చూసుకోండి. పేరులో అక్షరం తప్పు పడితే ఏ ఎర్రరూ రాదు, మీ లైను ఉన్నా లేనట్టే.

ఇంకో చిక్కు. యాప్ తన రంగుల్ని లోపలి ఎలిమెంట్‌కి ఉన్న `.theme-dark` మీద పెట్టి ఉంటే, మీరు `:root` మీద రాసినవి లోపలికి చేరవు. దగ్గరి ఎలిమెంట్ మీద ఉన్న విలువే గెలుస్తుంది. `:root` లో `!important` తగిలించినా అంతే. యాప్ ఎక్కడ రాసిందో అక్కడే మీరూ రాయాలి.

థీమ్ వేశాక నెట్ ఆపేసి ఒక మెసేజ్ పంపి చూడండి, ఫెయిల్ అయిన గుర్తు కంటికి ఆనుతోందో లేదో తెలుస్తుంది. లింకులు, మెన్షన్లు, టైప్ చేసే డబ్బాలోని లేత అక్షరాలు, మౌస్ పెట్టినప్పుడు మారే వరస, అన్నీ చూడాలి. వీటిలో ప్రతిదానికీ బ్యాక్‌గ్రౌండ్ ఒకటి, అక్షరం ఒకటి ఉంటాయి. ఒకటి మార్చి రెండోది వదలొద్దు.

ఎవరో ఇచ్చిన థీమ్‌లో `@import` లైను ఉంటే తీసేయండి. ఆ లింకు వెనక ఉన్న ఫైల్‌ని వాళ్లు రేపు ఎలాగైనా మార్చేయగలరు.

కన్సోల్‌లో ఏదో పేస్ట్ చేయమంటే చేయొద్దు. రంగులకి సీఎస్ఎస్ చాలు.

యాప్ నిబంధనలు చదవండి. బయటి మార్పుల్ని కొన్ని యాప్‌లు ఒప్పుకోవు, అకౌంట్‌కే ఎసరు రావచ్చు.

థీమ్‌ని ఒక్క నొక్కుతో ఆపే దారి ముందే పెట్టుకోండి. సెట్టింగ్స్ పేజీయే కనపడకుండా పోయాక వెతకొద్దు.

యాప్ అప్‌డేట్ అయిన రోజు ముందు థీమ్ ఆపండి. వేరియబుల్ పేర్లు మారిపోతే మీ బ్యాక్‌గ్రౌండ్ పనిచేసి, మీ అక్షరం పనిచేయకపోవచ్చు. మళ్లీ అదే గొయ్యి. జతలన్నీ సరిచూసుకున్నాకే ఆన్ చేయండి.