క్లే బొమ్మల స్టాప్ మోషన్: మొదటి ఫ్రేమ్ నొక్కేముందు

అనంతపురం ఎండ బాగుంది కదా అని కిటికీ వెలుతురును నమ్ముకోవద్దు. సెకనుకు 12 ఫ్రేములంటే పది సెకన్ల సీనుకు 120 ఫొటోలు. అవి పూర్తయ్యేలోపు నీడ బల్ల ఈ కొస నుంచి ఆ కొసకు జరుగుతుంది. కిటికీకి మందపాటి దుప్పటి కట్టి, రెండు ఎల్ఈడీ లైట్లు పెట్టుకోండి. పాత బల్బుల వేడికి క్లే మెత్తబడి బొమ్మ చేయి వాలిపోతుంది.

ఫొటో ఫొటోకూ వెలుగు మారి సీను మిణుకుమనడమే ఫ్లికర్. దానికి సగం కారణం కెమెరానే. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడూ మాన్యువల్‌లో ఉండాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి లైటు సెకనుకు వందసార్లు మిణుకుతుంది. షట్టర్ పావు సెకను పెడితే ఆ మిణుకులన్నీ సగటులో కలిసిపోతాయి. తెల్లచొక్కా వద్దు, దాని మెరుపు బొమ్మ మీద పడుతుంది.

పక్కన బోరు మోటారు వేసినప్పుడు లైటు తగ్గుతోందేమో చూడండి. తగ్గితే మోటారు ఆగాకే తీయాలి.

ట్రైపాడ్ కాళ్లు నేలకు టేపుతో అంటించండి. కూలర్ బల్లకు ఆనుకోకూడదు. బటన్ చేత్తో నొక్కకుండా రెండు సెకన్ల టైమర్ వాడండి.

చివరగా, ఏమీ కదపకుండా 24 ఫొటోలు తీసి వేగంగా తిప్పి చూడండి. వెలుగు ఎగిరితే లైటో కెమెరానో, అంచులు వణికితే ట్రైపాడే.