ప్రస్తారాలు, సంయోగాలు – మూడో పాఠం: వరుస మారితే జవాబు మారుతుందా? వాడింది మళ్లీ వాడొచ్చా?

గత పాఠంలో గణన ప్రాథమిక సూత్రం చూశాం. ఒక పనిని m రకాలుగా, దాని వెంట ఇంకో పనిని n రకాలుగా చేయగలిగితే రెండూ కలిపి m × n రకాలుగా చేయవచ్చు. సూత్రం తెలిసినా పరీక్షలో చాలామంది ఆగిపోయేది వరుసను లెక్కలోకి తీసుకునే ప్రస్తారం ⁿPᵣ వాడాలా, వరుస పట్టని సంయోగం ⁿCᵣ వాడాలా అన్న దగ్గరే. ఈ పాఠమంతా ఆ నిర్ణయం గురించే.

ముందుగా ఈ నాలుగు లెక్కలు చదవండి. అన్నింటిలోనూ ఉన్నవి 5, తీసుకోవాల్సినవి 3.

(అ) 1, 2, 3, 4, 5 అంకెలతో సూట్‌కేసు తాళానికి మూడంకెల నంబరు పెట్టాలి.
(ఆ) పరుగుపందెంలో ఐదుగురు ఉన్నారు. మొదటి, రెండో, మూడో బహుమతులు ఇవ్వాలి.
(ఇ) ఐదుగురిలో ముగ్గురిని క్విజ్ జట్టుకు పంపాలి.
(ఈ) మిఠాయి కొట్లో లడ్డు, జిలేబి, కాజా, మైసూర్ పాక్, బర్ఫీ ఉన్నాయి. మూడు ముక్కలు పట్టే పెట్టె నింపించుకోవాలి.

జవాబులు వరుసగా 125, 60, 10, 35. సంఖ్యలు అవే అయినా జవాబులు నాలుగు రకాలుగా ఎందుకు వచ్చాయో చూద్దాం.

వరుస సంగతి తేల్చుకోవడానికి లెక్కలోని మాటల మీద ఆధారపడకండి. ‘ఎన్నుకోవాలి’ అని కనబడగానే సంయోగం అనుకుంటే, ‘ఐదుగురిలోంచి అధ్యక్షుణ్ణి, కార్యదర్శిని, కోశాధికారిని ఎన్నుకోవాలి’ అన్న లెక్కలో తప్పు చేస్తారు. దానికి బదులు కాగితం మీద ఒక్క జవాబు రాయండి. రమ్య, సలీం, కిరణ్ అని రాశారనుకుందాం. ఇప్పుడు మొదటి రెండు పేర్లూ తారుమారు చేసి సలీం, రమ్య, కిరణ్ అని రాయండి. లెక్కలో చెప్పిన సంగతి మారిందా? పందెంలో మారింది, మొదటి బహుమతి వేరేవాళ్ల చేతికి వెళ్లింది. కాబట్టి వరుస లెక్కలోకి వస్తుంది. క్విజ్ జట్టులో ఏమీ మారలేదు, ఆ ముగ్గురే వెళ్తున్నారు. కాబట్టి వరుస వద్దు.

రెండో ప్రశ్న, ఒకసారి వాడింది మళ్లీ వాడొచ్చా అన్నది. దీన్ని పుస్తకాల్లో పునరావృతం అంటారు. అంకెల లెక్కల్లో ‘పునరావృతాన్ని అనుమతిస్తే’ అని రాసే ఇస్తారు. మిగతాచోట్ల సందర్భమే చెబుతుంది. ఒకే మనిషి మొదటి బహుమతీ రెండో బహుమతీ తీసుకోలేడు, జట్టులో రెండు చోట్ల కూర్చోలేడు. తాళం మీద 2-2-5 పెట్టుకోవచ్చు. పెట్టెలో రెండు లడ్లు, ఒక జిలేబి పెట్టించుకోవచ్చు.

అందుకే తాళానికి 5 × 5 × 5 = 125. పందేనికి ⁵P₃ = 5 × 4 × 3 = 60. జట్టుకు, ఒకే ముగ్గురిని 3! = 6 వరుసల్లో రాయవచ్చు కాబట్టి 60 ÷ 6 = 10, అంటే ⁵C₃.

పునరావృతం ఉన్నప్పుడు ఒక చిక్కు తరచుగా వస్తుంది. 3 ఉత్తరాలను 5 పోస్టు డబ్బాల్లో వేయాలంటే 5³ రకాలా, 3⁵ రకాలా? ఎవరికి తప్పనిసరిగా, ఒక్కసారి మాత్రమే చోటు దొరకాలో చూడండి. ప్రతి ఉత్తరమూ ఏదో ఒక్క డబ్బాలో పడాలి. డబ్బా మాత్రం ఖాళీగా ఉండొచ్చు, రెండు మూడు ఉత్తరాలు పట్టొచ్చు. కాబట్టి ఒక్కో ఉత్తరం దగ్గర ఆగి, దీనికి ఎన్ని దారులున్నాయని అడగాలి. మూడుసార్లు 5 వస్తుంది, జవాబు 5³ = 125.

ఇక మిఠాయి పెట్టె. వరుస వద్దు, పునరావృతం ఉంది. జట్టు లెక్కలో 60ని 6తో భాగించాం కదా, ఇక్కడ 125ని 6తో భాగిస్తే సరిపోదా అని అనిపిస్తుంది. 125ని 6 భాగించదు. ఎందుకు భాగించదో చూస్తే విషయమంతా అందులోనే ఉంది. లడ్డు, జిలేబి, కాజాలను ఆరు వరుసల్లో రాయవచ్చు. లడ్డు, లడ్డు, జిలేబిలను మూడు వరుసల్లోనే రాయగలం, ఎందుకంటే రెండు లడ్లు తారుమారైనా తేడా తెలియదు. మూడూ లడ్లే అయితే ఒక్కటే వరుస. ప్రతి పెట్టెనూ ఆరేసిసార్లు లెక్కపెట్టలేదు కాబట్టి ఆరుతో భాగించే హక్కు మనకు లేదు.

కాబట్టి విడగొట్టి లెక్కిద్దాం. మూడూ వేర్వేరు రకాలైతే ⁵C₃ = 10 పెట్టెలు. ఒక రకం రెండు, ఇంకో రకం ఒకటి అయితే, రెండు ఉండే రకానికి 5 దారులు, ఒకటి ఉండే రకానికి 4, అంటే 20 పెట్టెలు. మూడూ ఒకే రకమైతే 5. మొత్తం 35. సరిచూసుకోవాలంటే వెనక్కి వెళ్లండి: 10 × 6 + 20 × 3 + 5 × 1 = 60 + 60 + 5 = 125. తాళం లెక్కలో వచ్చిన సంఖ్యే వచ్చింది. దీనికి ⁿ⁺ʳ⁻¹Cᵣ అన్న సూత్రం ఉంది, ఇక్కడ ⁷C₃ = 35. అది ఎలా వస్తుందో వచ్చే పాఠంలో గీతలు గీసి చూద్దాం.

వరుస అక్కర్లేని లెక్కలోకి తెలియకుండా వరుస చొరబడే సందర్భం ఒకటుంది. నా దృష్టిలో ఈ అధ్యాయంలో అన్నిటికన్నా ఎక్కువ మార్కులు పోయేది అక్కడే. ఐదుగురు అమ్మాయిలు, నలుగురు అబ్బాయిల నుంచి ముగ్గురి కమిటీ వేయాలి, కనీసం ఒక అమ్మాయైనా ఉండాలి. చాలామంది ఇలా చేస్తారు: ముందు ఒక అమ్మాయిని 5 రకాలుగా తీసుకుని, మిగిలిన 8 మందిలో ఇద్దరిని ⁸C₂ = 28 రకాలుగా తీసుకుంటే 5 × 28 = 140.

అసలు ఏ షరతూ లేకుండా 9 మందిలో ముగ్గురిని తీసుకుంటేనే ⁹C₃ = 84. షరతు పెట్టాక జవాబు పెరగడం కుదరదు, కాబట్టి 140 తప్పని అక్కడే తెలిసిపోతుంది. తప్పెక్కడంటే, ‘ముందు’ తీసుకున్న అమ్మాయికి విడిగా ఒక స్థానం ఇచ్చేశాం. రమ్య, లత, కిరణ్ ఉన్న కమిటీలో రమ్యను ముందు తీసుకుంటే ఒకసారి, లతను ముందు తీసుకుంటే ఇంకోసారి లెక్కకొచ్చింది. ముగ్గురూ అమ్మాయిలైతే మూడుసార్లు లెక్కకొచ్చింది.

సరైన దారి: మొత్తంలోంచి అందరూ అబ్బాయిలే ఉన్న కమిటీలు తీసేయాలి. 84 − ⁴C₃ = 84 − 4 = 80. లేదా ఒక అమ్మాయి ఉన్నవి 5 × ⁴C₂ = 30, ఇద్దరున్నవి ⁵C₂ × 4 = 40, ముగ్గురున్నవి ⁵C₃ = 10, కలిపితే 80. రెండు దారుల్లోనూ ఒకటే జవాబు రావాలి. ఇందాకటి 140 కూడా ఇక్కడే దొరుకుతుంది: 30 × 1 + 40 × 2 + 10 × 3.

వచ్చే పాఠం లోపు ఈ మూడూ చేయండి. జవాబులు కింద ఇచ్చాను, కాబట్టి మీరు రాయాల్సింది ఒక్కో లెక్కలో వరుస లెక్కలోకి వస్తుందా, పునరావృతం ఉందా అన్న రెండు ప్రశ్నలకు మీ సమాధానాలు.

1. 8 జట్లున్న కబడ్డీ లీగులో ప్రతి రెండు జట్లూ ఒకసారి ఆడితే ఎన్ని మ్యాచులు? ఒకసారి తమ ఊళ్లో, ఒకసారి అవతలివాళ్ల ఊళ్లో ఆడితే ఎన్ని?
2. ఆరుగురు పిల్లలు ముగ్గురేసి చొప్పున రెండు జట్లుగా విడిపోవాలి, జట్లకు పేర్లు లేవు. ఎన్ని రకాలు? (⁶C₃ దగ్గర ఆగకండి.)
3. నాలుగు రంగుల గాజుల్లోంచి రెండు గాజులు కొనాలి, ప్రతి రంగులోనూ కావలసినన్ని ఉన్నాయి. ఎన్ని రకాలు?

జవాబులు: 28, 56, 10, 10.