వానలకు ముందు వంశధార ఒడ్డున గ్రౌటింగ్: మొదట ఇసుకను జల్లెడ పట్టండి

గుణుపూర్ వైపు వంశధార ఒడ్డున పంపు బావి తవ్వుతూ, ఊట ఆపడానికి గ్రౌటింగ్ చేయించేవాళ్లు, అంటే బోర్లలోంచి నేల సందుల్లోకి గట్టిపడే ద్రవాన్ని, అదే గ్రౌట్‌ను, ఎక్కించేవాళ్లు, ఏరు పొంగకముందే పని ముగించాలి. ఇసుకలో నీరు జోరుగా పారుతుంటే బిగుసుకోని గ్రౌట్ దాంతోపాటే కొట్టుకుపోతుంది. అందుకే గ్రౌట్ ఎక్కిస్తున్నంతసేపూ, అది గట్టిపడేదాకా బావిలో నీళ్లు తోడకూడదు.

ఏ గ్రౌట్ వాడాలన్నది ఇసుక చెబుతుంది. నమూనాను జల్లెడ పట్టి, బరువులో 15 శాతం ఏ సైజుకన్నా సన్నగా ఉందో చూడండి. దాన్ని డి15 అంటారు. సిమెంటులో 85 శాతం ఏ సైజుకు లోబడి ఉందో అది డి85. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 24 దాటాలి. 11కు తగ్గితే ఆ సిమెంటు ఇసుకలోకి దూరదు.

ఉదాహరణకు మీ ఇసుక డి15 0.35 మిల్లీమీటర్లు అనుకుందాం. మామూలు సిమెంటు డి85 సుమారు 0.05, కాబట్టి వచ్చేది 7. లాభం లేదు. మరీ మెత్తగా నూరిన మైక్రోఫైన్ సిమెంటుది 0.01 అయితే 35 వస్తుంది, దూరుతుంది. ఇసుక ఇంకా సన్నగా ఉంటే రేణువులు లేని సోడియం సిలికేట్ ద్రావణం చూడాలి. ఒండ్రు, బంకమన్ను అయితే అదీ ఎక్కదు.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. నీళ్లతో బోరు వేసి, పైకి కొట్టుకొచ్చిన ఇసుకనే నమూనాగా పంపుతారు. సన్నటి మన్ను ఆ నీళ్లలోనే పోతుంది గనుక డి15 ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. గొట్టం దింపి తీసిన నమూనానే, అదీ ఒక్కో పొరకు విడిగా పంపండి.

గ్రౌట్ ఎక్కించే బోర్లు మీటరు దూరంలో ఉండి, ఇసుకలో ఖాళీ 35 శాతం అయితే, ఒక్కో బోరుకు మీటరు లోతుకు సుమారు 350 లీటర్ల గ్రౌట్ పట్టాలి. కొన్ని లీటర్లకే ప్రెషర్ ఎగబాకితే సిమెంటు బోరు అంచునే వడకట్టుకుపోతోందన్నమాట. అప్పుడు పంపు ప్రెషర్ పెంచకండి. మీటరు లోతుకు 0.2 బార్ చొప్పున, 4 మీటర్ల దగ్గర 0.8 బార్ చుట్టూ ఉంచడమే క్షేమం. అంతకు మించి తోస్తే నేల చీలుతుంది. ప్రెషర్ గేజ్ ముల్లు ఒక్కసారిగా పడిపోయి, గ్రౌట్ గబగబా పోతుంటే చీలిందని గుర్తు. ఎన్ని బస్తాలు పోసినా పలకల్లా పేరుకుంటుంది తప్ప ఊట ఆగదు.

ఒండ్రు పొర తగిలితే జెట్ గ్రౌటింగే దారి. అది దూరదు, 400 బార్ దగ్గర మట్టిని కోసి గ్రౌట్‌తో కలిపేస్తుంది. కోసిన బురద బోరు చుట్టూ ఆగకుండా పైకి రావాలి. అది ఆగిందంటే వెంటనే జెట్ ఆపండి, లేకపోతే నేల ఉబ్బి పక్క గోడ పగులుతుంది. అలా కలిసి గట్టిపడిన మట్టి స్తంభంలా నిలుస్తుంది, ఈ స్తంభాలు ఒకటి విడిచి ఒకటి వేయండి. ఏటి అడుగున పెద్ద గుండ్రాళ్లుంటే జెట్ వాటి వెనక్కి చేరదు, ఆ నీడలోంచే నీరు కారుతుంది. అలాంటి చోట గుండుకు రెండో వైపున ఇంకో స్తంభం వేయాలి.