మీ అమ్మాయి పెళ్లి క్లిప్‌లో తొలగించలేనివి, వాటికి బదులుగా చేయగలిగినవి

నమస్కారమండీ,

మీరు పంపిన మాంగల్యధారణ క్లిప్‌ను ఒక్కో ఫ్రేమూ ఆపి చూశాను. అమ్మాయి ముఖానికి అడ్డొచ్చిన చేతినీ, కింది అంచున పడ్డ తేదీనీ తొలగించమన్నారు. వాటిలో తేదీకి మార్గముంది, చేతికి లేదు. లేనిదాని గురించే ముందుగా రాస్తున్నాను.

సమస్య: మూడో సెకను నుంచి ఏడో సెకను వరకు ఒక బంధువు ఫోన్‌తో చెయ్యి చాచడం వల్ల అమ్మాయి ముఖం కనిపించడం లేదు.

కారణం: అడ్డును చెరపడమంటే, దాని వెనుక ఏముందో ఇతర ఫ్రేముల నుంచి తెచ్చి అతకడం. వెనుక ఉన్నది కదలని గోడ అయితే అది సాధ్యమే. ఇక్కడ చేతి వెనుక ఉన్నది తల వంచుతున్న మనిషి ముఖం. ఆ నాలుగు సెకన్లలో అది ఎలా ఉందో కెమెరాకే తెలియదు. పైగా క్లిప్ పరిమాణం 640×360 మాత్రమే కనుక ముఖం ఎత్తు సుమారు 40 పిక్సెళ్లకు మించదు, రంగు వివరమైతే నాలుగు పిక్సెళ్లకు ఒకటి చొప్పునే నిల్వ ఉంటుంది. ఇంత తక్కువ సమాచారంతో పక్క ఫ్రేములోని ముఖాన్ని అతికిస్తే, జుట్టుకూ చెంపకూ మధ్య అంచు నిలవక వణుకుతుంది. ఫోటోలోని ముఖాన్ని అతకమని కొందరు అడుగుతారు. అది ముసుగు తొడిగినట్టు ఉంటుంది కనుక నేను ఆ పని ఒప్పుకోను.

పరిష్కారం: మేళం, మంత్రాల ధ్వనిని తెగకుండా ఉంచి, ఆ నాలుగు సెకన్లపై అదే క్షణంలో తీసిన రెండు ఫోటోలను గానీ, ఎదురువైపు నుంచి మరొకరు తీసిన వీడియోను గానీ వేస్తాను. ధ్వని ఆగదు కనుక చూసేవారికి కోత తెలియదు.

సమస్య: కింది అంచున తేదీ, సమయం పడ్డాయి.

కారణం, పరిష్కారం: ఆ అక్షరాలు విడి పొర కావు, బొమ్మలోనే కలిసిపోయాయి. కింది 30 వరుసలు కత్తిరించి మిగిలినదాన్ని సుమారు 9 శాతం పెద్దది చేస్తే అవి పోతాయి కానీ, ఇప్పటికే మసకగా ఉన్న బొమ్మ మరికొంత మసకబారుతుంది, పీటల ముందున్న పళ్లేలూ తెగిపోతాయి. వధూవరుల పేర్లతో ఒక పట్టీ వేసి కప్పడమే నాకు మేలనిపిస్తోంది.

సమస్య: కదలిక ఉన్నచోట గళ్లు కనిపిస్తున్నాయి.

కారణం: ఫైలు పేరు `VID-20240218-WA0012.mp4` అని ఉంది. పేరులోని `WA` అది వాట్సాప్‌లో కుదించబడి వచ్చిందని చెబుతుంది. కుదింపులో పోయిన వివరం పెద్దది చేసినంత మాత్రాన తిరిగి రాదు.

పరిష్కారం: తీసినవారి ఫోన్‌లో అసలు ఫైలు ఉంటే, దాన్ని వీడియోగా కాక డాక్యుమెంట్‌గా పంపమనండి. గళ్లు తగ్గుతాయి, అయితే చెయ్యి అందులోనూ ఉంటుంది కనుక పై ఫోటోలు ఎలాగూ కావాలి. అసలు ఫైలు దొరకకపోతే, క్లిప్‌ను తెర నిండా కాక మధ్యలో చిన్న చట్రంలో చూపిస్తాను.

పట్టీపై వేయవలసిన పేర్లను, ఆ ఫోటోలను పంపితే పని మొదలుపెడతాను.

ఇట్లు,
మీ ఎడిటర్