బజ్జీలు తిన్న రాత్రి కుడివైపు నొప్పి: గ్యాసా, పిత్తాశయ రాళ్లా?

సమస్య

సాయంత్రం ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నారు. గంట, రెండు గంటలకు కుడి పక్కటెముకల కింద గానీ, రొమ్ము కింద మధ్యలో గానీ నొప్పి మొదలైంది. కుడి భుజం వెనుక రెక్క వరకు లాగుతోంది, వాంతి వచ్చేలా ఉంది. గ్యాస్ నొప్పి చోటు మారుతుంది, తేన్పు వస్తే సర్దుకుంటుంది. ఈ నొప్పి అలా కాదు. పెరిగి, ఒకేచోట బిగపట్టి ఉంటుంది. ఎటు తిరిగి పడుకున్నా తగ్గదు.

కారణం

నూనె పదార్థం పేగులోకి చేరగానే పిత్తాశయం ముడుచుకొని పైత్యరసాన్ని వదులుతుంది. లోపల రాయి ఉంటే అది పిత్తాశయం మెడ దగ్గర, అంటే రసం బయటికి వచ్చే ఇరుకు దారిలో అడ్డుపడుతుంది. రాయి వెనక్కి జారితే నొప్పి దానంతటదే పోతుంది. మోసం జరిగేది ఇక్కడే. అనంతపురంలో నా దగ్గరకు వచ్చిన 44 ఏళ్ల గృహిణి ఎనిమిది నెలలు గ్యాస్ మాత్రలతో నెట్టుకొచ్చింది. ప్రతిసారీ మూడు గంటల్లో నొప్పి తగ్గేది, మాత్ర పనిచేసిందని ఆమె నమ్మేది. ఒక రాత్రి పది గంటలకు వచ్చిన నొప్పి తెల్లవారినా తగ్గలేదు. చలితో జ్వరం వచ్చింది. కుడి పక్కటెముకల కింద చేయి పెట్టి గాలి పీల్చమంటే, పీల్చబోయి సగంలోనే ఆగిపోయింది. స్కానింగ్‌లో రాయి మెడలో ఇరుక్కొని ఉంది. మూడు మిల్లీమీటర్లు మించకూడని పిత్తాశయం గోడ ఆరుకు ఉబ్బింది. అది ఇన్‌ఫెక్షన్.

పరిష్కారం

నొప్పి మొదలైన సమయం రాసుకోండి, ఏమీ తినకండి. కొన్ని గంటల్లో పూర్తిగా తగ్గితే, ఆ వారంలోనే కడుపు స్కానింగ్ చేయించుకోండి. దానికి ముందు ఆరు నుంచి ఎనిమిది గంటలు పాలు, టీ కూడా తాగకూడదు. అవి తాగితే పిత్తాశయం ముడుచుకుపోయి రాయి సరిగా కనిపించదు.

ఆరు గంటలు దాటినా నొప్పి ఉంటే, జ్వరం వస్తే, తాకితే భరించలేకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మధుమేహం ఉన్నవారికి, వృద్ధులకు జ్వరం రాకపోవచ్చు, కాబట్టి జ్వరం కోసం ఎదురు చూడకండి. కళ్లు పచ్చబడి, చలిజ్వరం కూడా ఉంటే రాయి పైత్యనాళంలోకి జారి ఉండవచ్చు. ఒక్క గంట కూడా ఆగకుండా 108కి ఫోను చేయండి. చెమటలతో ఛాతీ బరువుగా ఉంటే ముందుగా ఈసీజీ తీయించాలి, గుండెపోటు కూడా ఇలాగే కనిపిస్తుంది.

కిడ్నీ రాళ్లకు వాడే కొండపిండి ఆకు, ఉలవ కషాయం ఇక్కడ పనిచేయవు. ఈ రాయి మూత్రం దారిలో లేదు, కిందికి జారితే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. నొప్పి ఒకసారి వచ్చిందంటే మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే పిత్తాశయాన్ని ల్యాప్రోస్కోపీతో తీసేస్తాం. నొప్పి ఎప్పుడూ రాకుండా, వేరే పరీక్షలో అనుకోకుండా కనబడిన రాళ్లకు మాత్రం చాలామందికి ఆపరేషన్ అక్కరలేదు.

ఆమెకు సెలైన్, యాంటీబయాటిక్స్ ఇచ్చి మూడో రోజు ఆపరేషన్ చేశాం. రెండు రోజులకు ఇంటికి వెళ్లింది.