ఏఐ చీర కట్టింది, మొహం మాత్రం మనదే ఉండాలి

ఒంగోలులో మా స్టూడియోకి ఒక పెళ్లిచూపుల ఫోటో వచ్చింది. అమ్మాయి చుడీదార్‌లో ఉంది, ఇంట్లోవాళ్లకి పట్టుచీర కావాలి. ఏఐ చీర బాగానే కట్టింది కానీ ముక్కు సన్నబడింది, గడ్డం మీద పుట్టుమచ్చ ఎగిరిపోయింది. "ఇది మా పిల్లేనా అన్నా?" అన్నాడు వాళ్ల మామ.

ఫోటోషాప్‌లో అసలు ఫోటోని కింది లేయర్‌గా ముట్టుకోకుండా ఉంచాను. ఏఐ బొమ్మని స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా పైన పెట్టి, బ్లెండ్ మోడ్ Difference చేశాను. రెండూ సరిగ్గా కూర్చున్న చోట నల్లగా కనిపిస్తుంది. భుజాల దగ్గర నలుపు వచ్చేదాకా జరిపి, మోడ్ మళ్లీ Normal చేశాను. తర్వాత Alt నొక్కి మాస్క్ పెడితే అది నల్లగా వస్తుంది, ఏఐ బొమ్మ మొత్తం దాక్కుంటుంది. చీర ఉన్నచోట మాత్రం తెల్ల బ్రష్‌తో బయటికి తెచ్చాను.

అసలు తిప్పలు మెడ దగ్గరే. పాత కాలర్ కప్పిన చోట ఏఐ చర్మం తప్పదు. అది కాస్త ఎర్రగా ఉంది. అందుకని కర్వ్స్ లేయర్‌ని ఆ ఏఐ లేయర్‌కే క్లిప్ చేసి, దాని మాస్క్‌ని మెడకే పరిమితం చేసి ఎరుపు తగ్గించాను. చర్మం, చర్మం కలిసేచోట హార్డ్‌నెస్ 0 ఉన్న పెద్ద బ్రష్, ఫ్లో 10 శాతం. జాకెట్టు అంచుకి అదే వాడితే పొగలా చెదురుతుంది, అక్కడ గట్టి బ్రషే.

చుడీదార్ చెయ్యి చీర పక్కన తొంగి చూస్తుంటే, రెండు లేయర్ల మధ్యలో ఖాళీ లేయర్ వేసి, క్లోన్ స్టాంప్‌కి Sample దగ్గర Current & Below పెట్టి, పక్కనున్న బ్యాక్‌గ్రౌండ్‌తో దాన్ని కప్పేశాను.

మర్నాడు జాకెట్టు చేతులు పొడుగు కావాలన్నారు. లేయర్లన్నీ విడివిడిగా దాచిన పీఎస్‌డీ ఫైల్ ఉంది కాబట్టి కొత్త ఏఐ బొమ్మ ఇంకో లేయర్‌గా వేసి చేతులొక్కటే మార్చి ఇచ్చాను.