రెండు సగటుల తేడాకు విశ్వాస అంతరం కట్టడం ఎలా? అందులో సున్నా పడితే ఏమని చదవాలి?

రెండు సగటులను పోల్చినప్పుడు చేతికి వచ్చే తేడా ఒకే ఒక సంఖ్య. మరో పదిమందిని కొలిచి ఉంటే ఆ సంఖ్య మారేది. ఎంత మారి ఉండేదో అంచనా వేసి, అసలు తేడా ఫలానా హద్దుల మధ్య ఉండవచ్చని చెప్పేదే విశ్వాస అంతరం, అంటే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్. దాన్ని కట్టడానికి కావలసినవి కొన్ని మామూలు లెక్కలూ ఒక చిన్న పట్టికా మాత్రమే. చిక్కంతా దాన్ని చదవడంలో ఉంది, ముఖ్యంగా ఆ హద్దుల మధ్య సున్నా వచ్చి కూర్చున్నప్పుడు.

దీనికి గణాంకశాస్త్రంలో చాలా పాతదైన ఒక చిన్న దత్తాంశాన్ని తీసుకుందాం. గిన్నెస్ బ్రూవరీలో పనిచేస్తూ ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో రాసిన విలియం గోసెట్, తన 1908 నాటి పత్రంలో ఉదాహరణగా వాడినది ఇదే. కొలతలు 1905లో కుష్నీ, పీబుల్స్ ప్రచురించినవి. పదిమంది రోగులకు రెండు నిద్రమందులు ఇచ్చి, మందు లేనప్పటికంటే ఎన్ని గంటలు ఎక్కువ నిద్రపోయారో చూశారు. ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఇది `sleep` అనే పేరుతో ముందే ఉంటుంది కాబట్టి, కింద చెప్పే ప్రతి సంఖ్యనూ చదువరులు తామే సరిచూసుకోవచ్చు.

మొదటి మందుతో వచ్చిన అదనపు నిద్ర, గంటల్లో: 0.7, −1.6, −0.2, −1.2, −0.1, 3.4, 3.7, 0.8, 0.0, 2.0. రెండవ మందుతో: 1.9, 0.8, 1.1, 0.1, −0.1, 4.4, 5.5, 1.6, 4.6, 3.4.

మొదటి మెట్టు: ఏ వైపు నుంచి తీసివేయాలో ముందే నిర్ణయించుకోండి

ఇక్కడ రెండవ మందు సగటులోంచి మొదటి మందు సగటును తీసివేద్దాం. సగటులు 2.33, 0.75, తేడా 1.58 గంటలు. చిన్న విషయంలా కనిపించినా ఇది ముందుగా రాసి పెట్టుకోవలసినదే. ఆర్ మొదటి గుంపులోంచి రెండవదాన్ని తీసివేస్తుంది కాబట్టి అదే జవాబు అక్కడ మైనస్ గుర్తులతో, హద్దులు తారుమారై కనిపిస్తుంది. అంతరంలో సున్నా ఉందా లేదా అన్నది దీనివల్ల మారదు గానీ, ఏ మందు మెరుగన్న మాట తలకిందులవుతుంది.

రెండవ మెట్టు: తేడాకు ప్రామాణిక దోషం లెక్కకట్టండి

ప్రస్తుతానికి ఈ రెండు వరుసలనూ ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు గుంపులుగా భావిద్దాం. ఆ భావన సరైనదేనా అన్న ప్రశ్న వెంటనే రావాలి, దాని దగ్గరికి తర్వాత వద్దాం. ఒక్కో గుంపులోని కొలతలు తమ సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనాలు వరుసగా 1.79, 2.00. ఒక్కొక్కదాన్ని వర్గం చేసి, ఆ గుంపులోని సంఖ్యతో, అంటే 10తో భాగించి, రెండింటినీ కలిపి వర్గమూలం తీయాలి. వచ్చేదే ప్రామాణిక దోషం, అంటే మళ్లీ కొలిస్తే తేడా మామూలుగా ఎంత ఊగుతుందన్న అంచనా:

```
SE = sqrt(1.79^2/10 + 2.00^2/10) = 0.85
```

తీసివేస్తున్నది సగటులనైనా, వాటి అనిశ్చితులు మాత్రం కలిసిపోతాయి. రెండు సగటులూ చెరోవైపు ఊగగలవు కాబట్టి, తేడా ఒక్కో సగటు కంటే ఎక్కువగా ఊగుతుంది.

మూడవ మెట్టు: గుణకాన్ని తెచ్చి హద్దులు కట్టండి

ప్రామాణిక దోషాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పేదే గుణకం. ఇలా మళ్లీ మళ్లీ కొలిచి అంతరాలు కడితే నూటికి 95 అసలు తేడాను పట్టుకోవాలన్నదే 95 శాతం స్థాయి; నమూనా పెద్దదైతే దానికి 1.96 సరిపోతుంది. గుంపుకు పదిమందే ఉన్నప్పుడు దానికంటే పెద్ద గుణకం కావాలి. దాన్ని టి-పట్టికలోంచి తీసుకుంటాం. రెండు గుంపుల చెదురు సమానమని ముందే అనుకోని వెల్చ్ పద్ధతిలో, పట్టికలో ఏ వరుస చూడాలో చెప్పే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ ఇక్కడ 17.8 వస్తుంది, గుణకం 2.10 అవుతుంది. దాన్ని 0.85తో గుణిస్తే 1.79. తేడా 1.58కి అటూ ఇటూ అంత దూరం వెళితే −0.21 నుంచి 3.37 గంటల వరకు అంతరం ఏర్పడుతుంది. ఆర్‌లో ఇదంతా ఒక్క వరుస:

```
t.test(extra ~ group, data = sleep)
```

సున్నా లోపల పడింది. ఇప్పుడేమనాలి?

ఇక్కడే చాలామంది ‘రెండు మందుల మధ్య తేడా లేదు’ అని రాసేస్తారు. అంతరం ఆ మాట అనలేదు. రెండవ మందు దాదాపు పావుగంట తక్కువ నిద్ర ఇచ్చేదైనా, మూడు గంటలకు పైగా ఎక్కువ నిద్ర ఇచ్చేదైనా, ఈ కొలతలు రెండింటితోనూ పొసగుతాయని మాత్రమే అది చెబుతోంది. ఆ హద్దుల మధ్య ఉన్న అనేక విలువల్లో సున్నా ఒకటి. అది ఉన్నంత మాత్రాన మిగిలినవాటి కంటే దానికి ఎక్కువ బలం ఏమీ రాదు. నిజానికి మధ్యలో ఉన్న 1.58 చుట్టుపక్కల విలువలే దత్తాంశానికి ఎక్కువ దగ్గరగా ఉన్నాయి, సున్నా ఒక అంచుకు చేరి ఉంది. కాబట్టి సరైన మాట: ‘తేడా ఏ దిక్కున ఉందో ఈ కొలతలు తేల్చలేకపోయాయి.’

ఇలా తేలకపోవడం రెండు రకాలు. వాటిని విడదీయాలంటే సున్నాను వదిలి హద్దుల వైపు చూడాలి. ఎంత తేడా ఉంటే ఆచరణలో పట్టించుకోవాలో ముందు ఒక గీత గీసుకోండి; నిద్ర విషయంలో అది అరగంట అనుకుందాం. అంతరం −0.1 నుంచి 0.2 గంటల వరకే వచ్చి ఉంటే, సున్నా లోపలే ఉన్నా, పట్టించుకోదగినంత తేడా లేదని ధైర్యంగా చెప్పవచ్చు. మన అంతరం అలాంటిది కాదు. దాని పై హద్దు అరగంటను దాటి ఎక్కడికో వెళ్లింది, కాబట్టి చెప్పగలిగేది ‘తెలియలేదు’ అన్నదొక్కటే. ఒకే సున్నా ఒకచోట జవాబు, మరోచోట జవాబు లేకపోవడం. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో కలిపి రాయడం, నా ఉద్దేశంలో, ఈ విషయంలో జరిగే తప్పులన్నింటిలోకీ పెద్దది. అంతరం వెడల్పును సగానికి తగ్గించాలంటే మనుషులను సుమారు నాలుగింతలు చేయాలని కూడా గుర్తుంచుకుంటే, ‘తెలియలేదు’ అన్న జవాబు ఎందుకంత తరచుగా వస్తుందో అర్థమవుతుంది.

స్థాయిని బట్టి కూడా సున్నా లోపలికీ బయటికీ వెళుతుంది. ఇవే సంఖ్యలకు 90 శాతం అంతరం కడితే 0.11 నుంచి 3.05 వస్తుంది, సున్నా బయటే ఉండిపోతుంది. పై `t.test` అంతరంతో పాటు పి-విలువను, అంటే అసలు తేడా లేకపోయినా కనీసం ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశాన్ని కూడా ఇస్తుంది. అది ఇక్కడ 0.079 రావడానికీ దీనికీ పొంతన ఉంది: 0.05 కంటే ఎక్కువ కాబట్టి 95 శాతం అంతరంలో సున్నా ఉంటుంది, 0.10 కంటే తక్కువ కాబట్టి 90 శాతం అంతరంలో ఉండదు. అందుకే స్థాయిని దత్తాంశం చూడకముందే నిర్ణయించుకోవాలి. చూశాక 90కి దిగడం ఆట మొదలయ్యాక గీత జరపడమే.

రెండు అంతరాలు పక్కపక్కన పెట్టి చూడకండి

తేడాకు అంతరం కట్టకుండా, ఒక్కో సగటుకు విడిగా అంతరం గీసి, అవి ఒకదానిపై ఒకటి పడ్డాయి కాబట్టి తేడా తేలలేదనడం కూడా మామూలే. మన లెక్కలో మొదటి మందుకు −0.53 నుంచి 2.03, రెండవదానికి 0.90 నుంచి 3.76 వస్తాయి. వాటి సగం వెడల్పులు 1.28, 1.43, ఈ రెండూ విడిపోవాలంటే సగటుల మధ్య దూరం 2.71 దాటాలి. తేడాకు సూటిగా కట్టిన అంతరంలోంచి సున్నా బయటికి పోవడానికి మాత్రం 1.79 దాటితే చాలు. అంటే తేడా 2 గంటలై ఉంటే బొమ్మలో గీతలు కలిసే కనిపిస్తాయి, సున్నా మాత్రం బయటే ఉంటుంది. విడి అంతరాలు విడిపోతే తేడా తేలినట్టే; కలిసి ఉంటే మాత్రం వాటినిబట్టి ఏమీ చెప్పలేం.

చివరి మెట్టు, నిజానికి మొదట అడగవలసిన ప్రశ్న

ఇక పక్కన పెట్టిన ప్రశ్న దగ్గరికి వద్దాం. ఈ రెండు వరుసలు వేర్వేరు మనుషులవి కావు. అదే పదిమంది రెండు మందులూ వేసుకున్నారు. కాలమ్‌కు `group` అని పేరు పెట్టడం తప్పుదోవ పట్టించవచ్చని ఆర్ సహాయపుటే హెచ్చరిస్తుంది. ఏడవ రోగిని చూడండి: మొదటి మందుతో 3.7 గంటలు, రెండవదానితో 5.5. రెండవ రోగికి −1.6, 0.8. మనిషికీ మనిషికీ మధ్య ఉన్న ఈ పెద్ద ఎగుడుదిగుళ్లు మందుల తేడాకు సంబంధించినవి కావు. అయినా పై లెక్కలో అవన్నీ ప్రామాణిక దోషంలోకి చొరబడి అంతరాన్ని ఉబ్బించాయి.

కాబట్టి ఒక్కో మనిషిలోనే తీసివేత చేయాలి. అప్పుడు వచ్చే తేడాలు: 1.2, 2.4, 1.3, 1.3, 0.0, 1.0, 1.8, 0.8, 4.6, 1.4. వీటి సగటు మళ్లీ అదే 1.58. ప్రామాణిక విచలనం మాత్రం 1.23. దాన్ని 10 వర్గమూలంతో భాగిస్తే ప్రామాణిక దోషం 0.39, అంటే మునుపటిదానిలో సగానికంటే తక్కువ. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 9కి తగ్గి గుణకం 2.26కు పెరిగినా, అంతరం 0.70 నుంచి 2.46 గంటలకు కుదించుకుపోతుంది.

```
with(sleep, t.test(extra[group == 2], extra[group == 1],
                   paired = TRUE))
```

సున్నా బయటికి పోయింది. సంఖ్యలు అవే, తేడా అదే. మారింది కొలతలు ఎలా పుట్టాయన్న సంగతిని లెక్కలో గౌరవించడం ఒక్కటే. స్థాయిని మార్చి సున్నాను బయటికి నెట్టడానికీ దీనికీ పోలిక లేదు, ఎందుకంటే ఈ జతలు ప్రయోగంలోనే ఉన్నాయి. దీనికి ఎదురుగా, వేర్వేరు మనుషుల రెండు గుంపులను వరుస సంఖ్య కలిసిందని జతచేసి ఇలా లెక్కించడం మాత్రం తప్పు. మీ అంతరంలో సున్నా పడిందంటే, మరికొందరిని కొలవాలనుకునేముందు, రెండు వరుసల్లోని కొలతలకు సహజమైన జత ఉందా అని ఒకసారి వెనక్కి తిరిగి చూడండి.

ఫలితాన్ని రాసేటప్పుడు తేడా, దాని దిక్కు, అంతరం, స్థాయి, జత లెక్కా విడి లెక్కా అన్నవన్నీ రెండు చిన్న వాక్యాల్లో ఇమిడిపోతాయి: ‘అదే పదిమందిలో రెండవ మందు మొదటిదానికంటే సగటున 1.58 గంటలు ఎక్కువ నిద్రనిచ్చింది. జత తేడాలపై 95 శాతం విశ్వాస అంతరం 0.70 నుంచి 2.46 గంటలు.’ ఆ వాక్యాలు రాశాక కూడా తొమ్మిదవ రోగి దగ్గర ఒక్క క్షణం ఆగాలి. మొదటి మందుతో ఏ మార్పూ లేని ఆయనకు రెండవదానితో 4.6 గంటలు వచ్చాయి. మిగిలినవారి తేడాల్లో 2.4 దాటినది లేదు. ఆయనను పక్కన పెట్టి తొమ్మిదిమందితో మళ్లీ కడితే తేడా 1.24కు దిగి, అంతరం 0.74 నుంచి 1.75 అవుతుంది. కింది హద్దు దాదాపు కదలలేదు, పై హద్దు బాగా దిగింది. సున్నా బయట ఉండడం ఆ ఒక్కరిపై ఆధారపడి లేదు గానీ, రెండవ మందు రెండు గంటలకు పైగా మెరుగై ఉండవచ్చన్న మాట మాత్రం ఆయన వల్లే నిలబడింది.